ఆరో అంశం: అభ్యంతరం లేదు

పిల్లల చేతిరాత చదవడంలో ఆ బడిలో మెర్యా కోటిలైనెన్‌ను మించినవాళ్ళు లేరు. కోడి కెలికినట్టున్న రాతైనా సరే, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, కాగితాన్ని కిటికీ వైపు తిప్పి, గడగడా చదివేస్తుంది. టీచర్లు సైతం ఒక్కోసారి పరీక్ష పేపర్లు పట్టుకుని ఆఫీసు గదికి వచ్చి, "మెర్యా, ఇది 'ఖండం' అంటావా, 'గండం' అంటావా?" అని అడుగుతారు. "రాసిన వాడికి రెండూ ఒకటే, సగం మార్కు వెయ్యండి" అంటుంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే ఆఫీసు, అదే కుర్చీ. కుర్చీ మాత్రం ఒకసారి మార్చారు. ఎవరి బస్సు ఎన్నింటికో, ఎవరికి పాలు పడవో, ఎవరి తండ్రి ఫోన్ ఎత్తడో, ఆమెకు నోటికి వచ్చు. ఇన్ని తెలిసినా ఆమె మాట చెల్లే చోటు ఆ బడిలో ఒక్కటీ లేదు. సెక్రటరీ పని రాయడం, దాచడం, అడిగితే తీసి ఇవ్వడం. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, దాని గురించి ఎప్పుడూ చింతించలేదు కూడా. ఆ నవంబరు దాకా.

విద్యార్థి మండలి మినిట్స్ పని ఆమె మెడకు చుట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది. ఒకప్పుడు పిల్లలు రాసుకున్న కాగితాన్నే ప్రిన్సిపాల్‌కు ఇచ్చేసేవాళ్ళు. ఒకసారి దాని మీద కోకో మరకలు, అంచుల్లో పదకొండు గుర్రాలు ఉన్నాయట. అప్పటి ప్రిన్సిపాల్ చూసి, "ఇది మండలి రికార్డా, గుర్రపుశాల రికార్డా?" అన్నాడు. నాటి నుంచి మండలి కార్యదర్శి చేతిరాత నోట్సు పట్టుకుని మెర్యా దగ్గరికి రావడం, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని శుభ్రంగా టైపు చేయడం ఆనవాయితీ అయింది.

ఆ పనికి మెర్యా పెట్టిన సూత్రం ఒకటుంది. "ఎవరేమన్నారో కాదు, ఏం తేల్చారో రాయి." ఈ సూత్రం కూడా ఊరికే పుట్టలేదు. ఒక ఏడాది మినిట్స్‌లో 'క్యాంటీన్ సాస్ జిగురులా ఉందని ఫలానా పిల్లవాడు అన్నాడు' అని పేరుతో సహా పడింది. మినిట్స్ నోటీసు బోర్డు ఎక్కాయి. వంటామె చదివింది. తరవాత రెండేళ్ళు ఆ పిల్లవాడి ప్లేటులో బంగాళాదుంపలు తక్కువే పడ్డాయి. అప్పుడు మెర్యాయే కూర్చుని కొత్త నమూనా తయారు చేసింది. అంశం, నిర్ణయం, అంతే. మాట్లాడినవాళ్ళ పేర్లు ఉండవు. పిల్లలను కాపాడాలనే చేసింది పాపం.

ఆ శుక్రవారం మధ్యాహ్నం హిల్లా వచ్చింది. తొమ్మిదో తరగతి, మండలి కార్యదర్శి, నోటికి తాళం లేని పిల్ల. ఫోన్లన్నీ పొద్దున్నే బుట్టలో పడేయాలి కాబట్టి గళ్ళ నోట్‌బుక్‌లో పెన్సిలుతో రాసుకొచ్చింది.

"మా ఓట్సో మీద ఒక కేసు పెట్టాలి" అంటూ కుర్చీ లాక్కుంది. "మండలి అధ్యక్షుడయ్యాక వాడికి బల్ల మీద కొట్టే చెక్క సుత్తి పిచ్చి పట్టింది. నేను వాక్యం పూర్తిచేసేలోపు టప్పున కొట్టేస్తాడు."

"నేనే చెప్పాను కొట్టమని. సెప్టెంబర్లో మీటింగు సాగదీసి అందరూ బస్సు మిస్సయ్యారు కదా. అభ్యంతరమా అని అడుగు, మూడు లెక్కపెట్టు, కొట్టు అన్నాను."

"వాడికి లెక్కలు రావు. ఒకటి దగ్గరే కొడతాడు."

మెర్యా నవ్వి నోట్‌బుక్ తిప్పింది. "ఇదేంటి, పుట్టగొడుగా?"

"సుత్తి! దెబ్బ పడినప్పుడల్లా గీశాను. దెబ్బ పడితేనే నిర్ణయం అయినట్టు అని మీరేగా చెప్పింది."

మొదలుపెట్టారు. తేదీ, చోటు, హాజరైనవాళ్ళు. ఒకటో అంశం, సమావేశం ప్రారంభం. రెండు, నిబంధన ప్రకారం పిలిచారు, చాలినంతమంది ఉన్నారు. మూడు, మినిట్స్ సరిచూడడానికి ఇద్దరి ఎన్నిక. ఎనిమిదో తరగతి నుంచి సైమీ, ఏడు నుంచి వాల్టర్. మినిట్స్ మీద అధ్యక్షుడు, కార్యదర్శితోపాటు ఈ ఇద్దరూ సంతకం పెడితేనే అది రికార్డు. లేకపోతే ఉత్త కాగితం. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు కనుక కాదనలేని వాళ్ళ మీద పడుతుంది. నాలుగోది గురువారం బఠాణీ సూప్ తరవాత పాన్‌కేక్ రెండోసారి పెట్టాలని. "'బతిమాలుతున్నాం' అని రాశావు." "అలాగే అన్నారు మరి." "'మండలి ప్రతిపాదిస్తోంది' అని వేద్దాం." ఐదోది స్కేటింగ్ రోజు. ఆరో అంశం దగ్గర మెర్యా వేళ్ళు ఆగాయి.

నోట్సులో ఇలా ఉంది:

'6. నిశ్శబ్ద గది తీసేసి ఆటల గది. బిలియర్డ్స్ బల్ల!!! అందరూ ఓకే.' పక్కన పుట్టగొడుగులాంటి సుత్తి. సుత్తి తరవాత చిన్న అక్షరాల్లో: 'సైమీ: నేను రోజూ అక్కడే ఉంటాను. అది పోతే ఇంటర్వెల్‌లో ఎక్కడ ఉండాలో నాకు తెలీదు.' దాని కిందే '7. ముగింపు.'

లైబ్రరీ పక్కన నిశ్శబ్ద గది చిన్నది. రెండు మెత్తటి కుర్చీలు, ఒక దీపం, చూసేవాళ్ళు లేని ఒక మొక్క. దాన్ని ఆటల గది చేద్దామన్నది ప్రిన్సిపాల్ ఆలోచన. మంచి ఆలోచనే, పిల్లల కోసమే. మండలి అభిప్రాయం తీసుకోకుండా చేయకూడదు గనక అడిగాడు.

"ఈ మాట ఎప్పుడంది?" అని అడిగింది మెర్యా.

"సుత్తి పడ్డాక. అంటే ఇది రాదు కదా? అంశం అయిపోయింది కదా?"

"ఎలా అంది?"

"చిన్నగా. బల్ల వైపు చూస్తూ. ఓట్సో అప్పటికే ఏడో అంశం చదివేస్తున్నాడు. పక్కన ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. ఎవరూ ఏమీ అనలేదు. నాకూ ఏమనాలో తెలీక రాసుకున్నాను."

"మంచి పని చేశావు."

"ఏం మంచి? రాసి ఏం చేశాను?" అంది హిల్లా.

పిల్ల వెళ్ళిపోయాక ఆమె ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుంది. కాఫీ చల్లారింది. పదమూడేళ్ళ వయసులో వేరే ఊరి బడిలో మెర్యా రెండు చలికాలాలు చలికోట్లు తగిలించే గదిలో గడిపింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే అక్కడికి పోయి, పోయిన చేతి తొడుగు వెతుకుతున్నట్టు కోట్ల మధ్య తచ్చాడేది. తొడుగు పోయిందీ లేదు, దొరికిందీ లేదు. తనను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. వెతికే పని ఉన్న పిల్లను ఒంటరి పిల్ల అనరు, అంతే. ఆ సంగతి ఆమె మొగుడికీ చెప్పలేదు, చనిపోయే దాకా అక్కచెల్లెళ్ళలా ఉన్న స్నేహితురాలికీ చెప్పలేదు. ఇప్పుడు పెన్సిలుతో రాసిన రెండు వరుసలు చూసేసరికి ఆ తడి ఉన్ని కోట్ల వాసన గుప్పున కొట్టింది.

రాయాలి. ఎలా రాయాలి? 'చర్చలో కొందరు గదిని వాడుతున్నట్టు తెలిసింది' అని టైపు చేసింది. కొందరు ఎక్కడ, ఒక్కతే కదా? 'గది వాడుకలో ఉందని ఒక అభిప్రాయం వచ్చింది' అని మార్చింది. అభిప్రాయం చర్చలో రాలేదు, సుత్తి తరవాత వచ్చింది. పైగా తన నమూనాలో చర్చకు చోటే లేదు. ఇరవై ఏళ్ళ కింద తాను కట్టిన గోడే ఇప్పుడు తన ముక్కుకు తగిలింది. చెరిపేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ చెరిపింది. నిబంధనల్లో మిగిలిన దారి ఒక్కటే. నిర్ణయం జరిగిన వెంటనే ఒక సభ్యురాలు అసమ్మతి చెబితే, అది సుత్తి తరవాతదైనా, మినిట్స్‌లో చేర్చవచ్చు. సైమీ వెంటనే చెప్పింది. నోట్సు సాక్ష్యం. మెర్యాకు ప్రాణం లేచి వచ్చింది. రెండు ప్రతులు తయారు చేసింది, ఒకటి అసమ్మతితో, ఒకటి లేకుండా.

సోమవారం పొద్దున్న సైమీ సరిచూడడానికి వచ్చింది. పొడవాటి పిల్ల. అంత పొడుగు కనబడకుండా ఉండాలన్నట్టు భుజాలు ముడుచుకుని నిలబడుతుంది. ఓట్సో, హిల్లా, వాల్టర్ అప్పటికే వచ్చి అసమ్మతి లేని ప్రతి మీద సంతకాలు పెట్టి పోయారు. ఓట్సో సంతకాలకు ముందు ఒక దిద్దుబాటు కూడా చేయించాడు. "అభ్యంతరం లేదు అంటే చాలదు మెర్యా, 'ఏకగ్రీవంగా' అని వెయ్యండి. ఎవరూ వద్దనలేదుగా" అన్నాడు. చిన్నవాడు, తప్పు లేదు, రూలు వాడి పక్షమే. వేసింది.

"కూర్చో సైమీ. సంతకానికి ముందు ఒక మాట. ఆరో అంశంలో నువ్వన్నది నోట్సులో ఉంది."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "హిల్లా రాసిందా?"

"రాసింది. అసమ్మతి అని ఒక ఏర్పాటు ఉంది. నువ్వు ఊఁ అంటే అది పెడతాను. ఇదిగో, తయారుగా ఉంది. మిగతా ముగ్గురి సంతకాలు మళ్ళీ నేనే పెట్టించుకుంటాను. ప్రిన్సిపాల్ చదివి తీరాలి, జవాబు చెప్పాలి."

సైమీ రెండో ప్రతి చదివింది. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది.

"పేరు ఉంది."

"ఉండాలి. పేరు లేని అసమ్మతి చెల్లదు."

"ఇది బోర్డు మీద పెడతారు కదా?"

"పెడతాం."

"అయితే వద్దు."

"సైమీ..."

"వద్దు మెర్యా. గది ఎలాగూ పోతుంది. ఇది పెడితే 'ఆ గదిలో కూర్చునే పిల్ల' అని పేరు పడుతుంది. గది పోయినా ఆ పేరు పోదు. ఇప్పుడైతే నన్ను ఎవరూ ఏమీ అనరు."

"ఎవరైనా ఏడిపిస్తున్నారా నిన్ను? నిజం చెప్పు."

"లేదు. అసలెవరూ ఏమీ అనరు. అదే."

"బడికి బుధవారం క్యూరేటర్ వస్తుంది కదా, పిల్లల కష్టసుఖాలు వినడానికి. ఆమెతో ఒక్కసారి..."

"ఆమె తలుపు ముందు బెంచీ ఉంది. అందరూ అన్నానికి పోయే దారిలో."

"పోనీ ప్రిన్సిపాల్‌కి నేనే విడిగా చెప్పనా? పేరు చెప్పి, ఎవరికీ తెలియకుండా?"

"చెబితే ఆయన మా అమ్మకు ఫోన్ చేస్తాడు." సైమీ మొదటిసారి తలెత్తి చూసింది. "నాకు ఇక్కడ చాలామంది ఫ్రెండ్స్ ఉన్నారని అమ్మకు చెప్పాను. పేర్లు కూడా చెప్పాను. రోజూ వాళ్ళ గురించి ఏదో ఒకటి చెబుతాను. మీరు చెప్పనని మాటివ్వండి."

ఇవ్వకూడదని మెర్యాకు తెలుసు. కానీ ఆ చూపు ముందు ఇంకేం చేయాలో తోచలేదు. మాటిచ్చింది.

సైమీ మొదటి ప్రతి ముందుకు లాక్కుంది. సరిచూసేవాళ్ళ సంతకాల పైన ఎప్పుడూ ఉండే వరుస ఉంది: 'ఈ మినిట్స్ సమావేశంలో జరిగినదానికి సరిపోతున్నాయి.' ఆ పిల్ల దాన్ని చదివి, కింద తన పేరు రాసింది. గుండ్రటి, పొందికైన రాత. చదవడానికి ఏ కష్టమూ లేని రాత.

"అంతా సరిగా ఉంది" అని కలం మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

మధ్యాహ్నం మెర్యా మినిట్స్ ప్రిన్సిపాల్ వాలిమా బల్ల మీద పెట్టింది. ఆయన మంచివాడు. నలభై ఆరేళ్ళకే జుట్టు పోగొట్టుకున్నాడు, అదీ ఈ బడి కోసమే అని అందరూ అంటారు. చదివి మురిసిపోయాడు.

"నీ మినిట్స్ చూస్తే కడుపు నిండుతుంది మెర్యా. ఒక్క మాట ఎక్కువ ఉండదు. ఆహా, ఏకగ్రీవం! బిలియర్డ్స్ బల్ల బుధవారం వస్తుంది."

మెర్యా కదలలేదు. "ఆ గదిలో ఎవరైనా కూర్చుంటున్నారేమో చూశారా?"

"చూశాను. వెళ్ళినప్పుడల్లా ఖాళీగానే ఉంది."

"మీరు క్లాసులు జరిగేటప్పుడు వెళ్తారు."

ఆయన నవ్వాడు. తరవాత ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు. "నీకేమైనా తెలుసా?"

"ఎవరో ఒకరు ఉండొచ్చు కదా అని."

"ఎవరు? ఒక పేరు చెప్పు, బల్ల వెనక్కి పంపిస్తాను. నిజంగానే పంపిస్తాను. ఊరికే ఉండొచ్చు అంటే ఎలా? పిల్లల మాటే వినాలని అందరం గొంతు చించుకుంటున్నాం. పిల్లలు ఇదిగో, ఆరో అంశంలో రాసి ఇచ్చారు. నువ్వే టైపు చేశావు."

"నేనే టైపు చేశాను" అంది మెర్యా.

ఆ మనిషి అబద్ధం ఆడలేదు, దురుసుగానూ మాట్లాడలేదు. పేరు నాలిక చివర దాకా వచ్చింది. ఆ పిల్ల ఇంట్లో రోజూ చెప్పే స్నేహితుల పేర్లు గుర్తొచ్చాయి. మింగేసింది. ఆఫీసుకు తిరిగి వచ్చి, మినిట్స్ ఒక ప్రతి ఫైల్లో పెట్టి, మరొకటి బోర్డుకు గుచ్చింది. సంతకాలు అయ్యాక చేతిరాత నోట్సు ఉంచకూడదు; అదీ ఆమె పెట్టిన పద్ధతే. హిల్లా నోట్‌బుక్ నుంచి చింపిన నాలుగు పేజీలనూ ఒక్కొక్కటిగా కాగితాలు తురిమే మెషీన్‌లో వేయసాగింది. ఆరో అంశం పేజీని చివరి దాకా చేతిలో పట్టుకుంది. దాచుకుంటే ఎవరికోసం దాచుకున్నట్టు? చూపించే హక్కు లేదు. అది కూడా వేసింది. పుట్టగొడుగు సుత్తులన్నీ సేమ్యాలా కిందికి రాలాయి. మెర్యాకు ఏడుపు వచ్చింది. ముక్కు చీది, మూడు గంటల బస్సు పిల్లల లిస్టు తీసుకుంది.

బుధవారం బల్ల వచ్చింది. నలుగురు మోసుకొచ్చారు. మెత్తటి కుర్చీలు ఎవరో కింది గదిలోకి చేర్చారు. మొక్కను హిల్లా తెచ్చి మెర్యా కిటికీలో పెట్టింది. ఇంటర్వెల్ గంట కొట్టగానే అటు నుంచి బంతులు టకటకలాడే చప్పుడు, కేకలు, నవ్వులు. పిల్లలకు నిజంగానే సంతోషంగా ఉంది. ఆ చప్పుడు వినబడితే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

మర్నాడు ఇంటర్వెల్‌లో మెర్యా ఆఫీసు అద్దంలోంచి బయటికి చూస్తే, నోటీసు బోర్డు ముందు సైమీ నిలబడి ఉంది. మినిట్స్ చదువుతోంది. తన సంతకం చూసుకుంటోందేమో అనుకుంది. శుక్రవారం కూడా అక్కడే ఉంది. సోమవారం కూడా. ఒక పేజీ కాగితం, అదీ తాను సరిచూసినదే, గంట మోగే దాకా చదువుతోంది. మధ్యలో ఎవరైనా వెనక నుంచి పోతే కాస్త ముందుకు వంగి, ఏదో ముఖ్యమైన వరుస దొరికినట్టు వేలు పెడుతుంది. చదివే పని ఉన్న పిల్లను ఎవరూ పట్టించుకోరు.

లోపలికి పిలిచి కూర్చోబెట్టాలనిపించింది. ఆఫీసులో పిల్లలు కూర్చోకూడదు. పిల్లల కాగితాలు, తల్లిదండ్రుల ఫోన్లు, అన్నీ అక్కడే. కూర్చోబెట్టినా, అద్దం గోడ. క్యూరేటర్ తలుపు ముందు బెంచీకన్నా బాగా కనబడుతుంది.

రెండు వారాలకు మినిట్స్ గడువు తీరింది. వాలిమా కాఫీ కప్పుతో పోతూ బోర్డు దగ్గర ఆగాడు. "మెర్యా, ఈ మినిట్స్ తీసేయొచ్చు కదా ఇంక?"

"తీస్తాను" అంది.

తియ్యలేదు. ఆ సాయంత్రం డిసెంబరు క్యాంటీన్ పట్టిక అచ్చు తీసింది. ఎప్పుడూ ఒక్క పేజీలో వచ్చేదాన్ని ఈసారి చిన్న అక్షరాలతో, ఏ వంటలో ఏం పడిందో ఉప్పుతో సహా రాసి, నాలుగు పేజీలు చేసింది. పోయిన వస్తువుల జాబితా కూడా ఒకటి తయారు చేసింది. తొడుగులు, టోపీలు, ఒంటి సాక్సులు, రంగుతో సహా, ఎక్కడ దొరికాయో ఎప్పుడు దొరికాయో అన్నీ. బస్సుల వేళలు కూడా తెచ్చింది. అన్నిటినీ మినిట్స్ పక్కనే, ఒకదాని పక్కన ఒకటి బోర్డు చివరి దాకా గుచ్చింది. ఆమె చేయగలిగింది అంతే. అది ఏమీ చేయకపోవడంతో సమానమని ఆమెకు తెలుసు.

మర్నాడు ఇంటర్వెల్ గంట కొట్టింది. ఆటల గది వైపు పరుగులు సద్దుమణిగాక సైమీ వచ్చి బోర్డు ముందు నిలబడింది. మినిట్స్ పైనుంచి కింది దాకా ఒకసారి చదివింది. తరవాత కొత్త కాగితాలు చూసి, ఒక అడుగు పక్కకు జరిగి, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది.